క్లియర్ చెయ్యమంటే ఏం చెయ్యాలి?

పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టి, "ఇది కాస్త క్లియర్ చెయ్యండి" అని అడిగేవారికి తమకు కావలసినదేమిటో తెలిసే ఉంటుంది. తెలియనిది వినేవారికే. ఆ ఒక్క మాటలో కనీసం నాలుగు వేర్వేరు కోరికలు ఇమిడి ఉన్నాయి. వెలిసిపోయిన బొమ్మను మళ్ళీ నల్లగా, తెల్లగా నిలబెట్టమని ఒకటి. మరకలూ గీతలూ తీసెయ్యమని ఒకటి. మసకగా ఉన్న ముఖాన్ని పదును చెయ్యమని ఒకటి. చిన్న ముఖాన్ని గోడకు తగిలించేంత పెద్దది చెయ్యమని ఇంకొకటి. మొదటి రెండూ కాగితం మీద ఉన్నదాన్ని బయటికి తీసే పనులు. చివరి రెండూ, ఒక హద్దు దాటాక, కాగితం మీద లేనిదాన్ని గీసే పనులు. ఏ వివరమూ చెప్పకుండా "క్లియర్" అని మాత్రమే అడిగినప్పుడు మొదటి రెండింటితోనే ఆగాలనీ, తక్కినవి అడిగి, చూపించి, వేరే ప్రతిగా మాత్రమే చెయ్యాలనీ నా అభిప్రాయం. ఇది చాదస్తమనేవారున్నారు. వారి వాదన కూడా చివర్లో చూద్దాం.

అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాల ఇళ్ళలో ఇప్పటికీ నిలిచి ఉన్న పాత ఫొటోలను చూస్తే ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉండే లోయ అది. వానలు, పొగమంచు, నెలల తరబడి ఆరని గోడలు. ఇంట్లో కట్టెల పొయ్యి, పైన అద్దం బిగించిన ఫ్రేము. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ అంటే కాగితం మీది జిలాటిన్ పొరలో ఉన్న సన్నని వెండి రేణువులే. ఫొటో కడిగేటప్పుడు హైపోను చాలినన్ని నీళ్ళతో వదిలించకపోతే, మిగిలిపోయిన ఆ గంధక లవణం ఏళ్ళ తరబడి వెండిని తింటూ దాన్ని పసుపు గోధుమ రంగులోకి మార్చేస్తుంది. తేమ ఆ పనిని తొందరపెడుతుంది. ముందుగా పోయేవి వెండి తక్కువగా ఉన్న లేత భాగాలు. అంటే నుదురు, చెంపలు, తెల్ల పంచె మడతలు. జుట్టూ, నీడలూ ఆఖరిదాకా నిలుస్తాయి. అందుకే వెలిసిన ఫొటోలో మనుషులు ఉన్నట్టే ఉంటారు గానీ వారి ముఖాలు ఉండవు.

ఇక్కడొక సంగతి గమనించాలి. అలా పసుపు తిరిగిన బొమ్మ మన కంటికి పోయినట్టే కనిపించినా, నిజానికి చాలావరకు కాగితంలోనే ఉంటుంది. దాన్ని ఎలా చూడాలన్నదే ప్రశ్న. పసుపు రంగు నీలి కాంతిని మింగేస్తుంది. కనుక ఆ ఫొటోను నీలి కాంతిలో చూస్తే, కంటికి లేతగా తోచిన బొమ్మ ముదురుగా లేచి వస్తుంది. కెమెరాల కాలంలో నీలి ఫిల్టరు పెట్టి నకలు తీసేవారు. ఇప్పుడు రంగుల్లో స్కాన్ చేసి నీలి చానెల్‌ను విడిగా చూస్తే చాలు. నలుపు తెలుపు ఫొటోయే కదా అని గ్రేస్కేల్‌లో స్కాన్ చేసేవారు ఈ అవకాశాన్ని మొదటి మెట్టులోనే పారేసుకుంటున్నారు.

ఒక ఉదాహరణ చెబుతాను. అనంతగిరి వైపు ఒక పల్లెకు చెందిన యువకుడు, విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నవాడు, తన అమ్మమ్మ ఫొటోను ఫోన్‌తో తీసి నాకు పంపాడు. ఇంటి ముందు నిలబడిన ఆరుగురు మనుషులు. ఉన్న ఫొటో అదొక్కటే. "క్లియర్ చేస్తే పెద్దది వేయిద్దాం మాస్టారూ" అన్నాడు. నేను అడిగినది ఒకే ప్రశ్న: "ఇందులో ఏది కనబడటం లేదు బాబూ?" అతడి జవాబు: "ముఖం మాస్టారూ. మా అమ్మ చూసి, ఏ పక్కనున్నది తన తల్లో ఆనవాలు పట్టలేకపోతోంది."

ఎలా కావాలని అడిగితే "బాగా" అంటారు. ఏం చెయ్యమంటారని అడిగితే "అన్నీ" అంటారు. ఏది కనబడటం లేదని అడిగితే మాత్రం వేలు పెట్టి చూపిస్తారు. ఈ ఉదాహరణలో ఆ జవాబు మరో సంగతి కూడా చెప్పింది. ఆ ముఖాన్ని ఎరిగిన మనిషి ఒకరు ఇంకా బతికి ఉన్నారు. అంటే మన పనిని సరిచూడగల సాక్షి ఉన్నారన్నమాట.

ఫోన్ బొమ్మతో ఈ పని కాదని ముందే చెప్పవలసి వచ్చింది. లెక్క చూడండి. అసలు ఫొటో పోస్టుకార్డు సైజు, పొడవు అయిదున్నర అంగుళాలు. సందేశంగా పంపినప్పుడు కుదించుకుపోయి పొడవున 1600 చుక్కలు మిగిలాయి. అందులో సగం గోడా, ఫ్రేమే. అంటే ఫొటోకు దక్కినవి 800. అమ్మమ్మ ముఖం కాగితం మీద ఏడు మిల్లీమీటర్లు. ఆ లెక్కన ముఖం మొత్తానికి దక్కినవి నలభై చుక్కలు. అదే ఫొటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 165 వస్తాయి. నలభైనుంచి నూట అరవై అయిదుకు వెళ్ళడం ఏ మంత్రమూ కాదు. అది కాగితం మీద ఉన్నదే. "క్లియర్" చెయ్యడంలో సగం ఈ ఒక్క మెట్టులోనే ఉంది. అద్దానికి ఫొటో అతుక్కుని ఉంటే మాత్రం పీకవద్దని చెప్పాను. తేమకు మెత్తబడి మళ్ళీ ఎండిన జిలాటిన్ అద్దాన్ని పట్టుకుని ఉంటుంది. బలవంతంగా లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. అటువంటప్పుడు అద్దంతో సహా స్కాన్ చేయించడమే మేలు. అదృష్టవశాత్తూ ఈ ఫొటో విడిగా వచ్చింది.

రంగుల్లో, 600 చుక్కలు, పదహారు బిట్లు, టిఫ్ ఫైలు, స్కానరులోని స్వయంచాలక దిద్దుబాట్లన్నీ ఆపివేసి స్కాన్ తీశాం. తరువాత మూడు చానెళ్ళనూ విడదీశాను.

```
magick scan.tif -separate ch_%d.tif
magick ch_2.tif -level 35%,80% +level 6%,96% tone.tif
```

మొదటి ఆజ్ఞ ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్ళను 0, 1, 2 సంఖ్యలతో మూడు ఫైళ్ళుగా ఇస్తుంది. ఎరుపులో ముఖాలు సున్నం వేసినట్టున్నాయి. నీలంలో కళ్ళూ, ముక్కూ, పెదవుల గీతా తేలాయి. అయితే నీలంలో ఇబ్బంది కూడా ఉంది. పొగ మరకలూ, నీటి మరకలూ కూడా పసుపువే గనుక అవి కూడా అందులోనే నల్లగా లేస్తాయి. ఎరుపులో అవే మరకలు దాదాపు మాయమవుతాయి. అందుచేత ముఖాలకు నీలాన్నీ, కుడివైపు మూలన మరక పడిన గోడ భాగానికి ఎరుపునూ తీసుకుని, రెండింటినీ మాస్కుతో కలిపాను. గోడను బొమ్మగా గీయవలసిన అవసరమే రాలేదు. అది కూడా కాగితంలో ఉన్నదే.

రెండో ఆజ్ఞ గురించి కొంచెం చెప్పాలి. నీలి చానెల్ హిస్టోగ్రామ్‌ను 0 నుంచి 255 వరకు ఉండే కొలబద్ద మీద చూస్తే బొమ్మంతా 90కీ 205కీ మధ్యనే ఇరుక్కుని ఉంది. వెలిసిపోవడం అంటే అంకెల్లో అదే. ఆ రెండు కొసలనూ లాగి వెడల్పు చెయ్యడమే అసలు చికిత్స. గింప్‌లో అయితే `Levels` అనే పలక ఈ పనే చేస్తుంది. ఎనిమిది బిట్ల ఫైలులో ఈ పని చేస్తే ఉన్న నూటపదిహేను మెట్లే రెండువందల యాభై ఆరు చోట్ల పరచుకుని, చెంపల మీద మెట్లుమెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. పదహారు బిట్లు కావాలనడం అందుకే. లాగేటప్పుడు కూడా నలుపును పూర్తి నలుపుదాకా, తెలుపును పూర్తి తెలుపుదాకా తీసుకువెళ్ళకూడదు. నుదుటి మీద మిగిలిన కొద్దిపాటి ఛాయ తెల్లకాగితంలో కలిసిపోతే అది మళ్ళీ రాదు. రెండో ఆజ్ఞలోని చివరి రెండు అంకెలూ రెండు కొసల్లోనూ ఆ కాస్త జాగాను వదలడానికే.

ఇంతవరకూ ఒక్క చుక్క కూడా కొత్తగా గీయలేదు. ఆ బొమ్మను తల్లికి చూపిస్తే ఎడమనుంచి రెండో ఆవిడ మీద వేలు పెట్టిందట.

ఆ తరువాత వచ్చింది గీతల సంగతి. నిజమైన ప్రమాదం ఇక్కడే ఉందనుకుంటాను. ఆ ముఖం మీద చెంపను అడ్డంగా కోసిన ఒక సన్నని గీత, గడ్డం మీద మూడు నల్లటి చుక్కలు, ముక్కు కింద తెల్లటి ఒక మెరుపు కనిపించాయి. దుమ్మూ గీతలూ తీసే ఏ ఫిల్టరుకైనా ఈ మూడూ ఒకటే జాతి, అంటే చుట్టుపక్కల ఛాయతో పొసగని చిన్న మచ్చలు. ఒక్క నొక్కుతో మూడూ పోతాయి. కానీ మన్యంలో ముఖం అంత అమాయకమైన స్థలం కాదు. పచ్చబొట్లున్నాయి. తూర్పుకనుమల్లో ఒడిశా వైపు కోంధు స్త్రీలలో ముఖమంతా పచ్చబొట్లు పొడిపించుకునే ఆచారం ఉండేది. పెద్దవయసు ఆడవాళ్ళు రెండు ముక్కుపుటాలకూ, నడిమి దూలానికీ కలిపి మూడు ముక్కు పోగులు పెట్టుకోవడం అరకు సంతలో ఇప్పటికీ కనబడే దృశ్యమే. గదబ స్త్రీల మెడ చుట్టూ లోహపు కడియాలు, చెవులకు పెద్ద పోగులు. వాటిలో ఏది ఉంది, ఏది లేదు అన్నది అలంకారం మాత్రమే కాదు, ఆ మనిషి ఎవరో చెప్పే గుర్తు. దాన్ని మచ్చ అనుకుని తుడిచేస్తే ముఖం శుభ్రపడుతుంది, మనిషి తప్పిపోతుంది.

మచ్చకూ గుర్తుకూ తేడా పోల్చుకునే ఉపాయాలు ఉన్నాయి. గీత అనేది కాగితం పైపొర మీద పడినది. బొమ్మలో ఏది ఎంత మసకగా ఉన్నా అది మాత్రం పదునుగా ఉంటుంది. పచ్చబొట్టు లెన్సు ద్వారా వచ్చినది గనుక పక్కనే ఉన్న కంటి రెప్పకు ఎంత మెత్తదనం ఉందో దానికీ అంతే ఉంటుంది. గీతకు ముఖం ఎక్కడ ముగిసిందో తెలియదు, చెంప దాటి గోడ మీదికి సాగిపోతుంది. పచ్చబొట్టు చర్మం వంపును అనుసరించి అక్కడే ఆగుతుంది. అసలు కాగితం చేతిలో ఉంటే దాన్ని దీపానికి ఏటవాలుగా పట్టి చూడాలి. గీత గాడిలా కనిపిస్తుంది, పచ్చబొట్టు కనిపించదు. వెండి పైకి తేలి అద్దంలా మెరిసే చోట్లు కూడా ఈ ఏటవాలు వెలుగులోనే బయటపడతాయి.

ఈ ఫొటోలో చెంప మీది గీత జుట్టు దాటి గుమ్మం కమ్మీదాకా వెళ్ళింది. కనుక తీసేశాను. గడ్డం మీది మూడు చుక్కలూ కనుపాపలంత మెత్తగా ఉన్నాయి. ఉంచాను. ముక్కు కింది మెరుపు విషయంలో నాకు నిర్ధారణ కుదరలేదు. కుదరనప్పుడు ఉంచడమే నియమం. మర్నాడు కొడుకు ఫోన్ చేసి తల్లి మాట చెప్పాడు: "ఆ బొట్లు మా అమ్మవే. నడిమి పోగు కూడా అదే, నా దగ్గరే ఉంది."

ఇక మసకా, చిన్నతనమూ. ఫొటో తీసినప్పుడే ముఖం మసకగా పడిందా, లేక వెలిసిపోయి అలా కనబడుతోందా అన్నది తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అంతే దూరంలో ఉన్న మరో వస్తువును, గుమ్మం అంచునో, చీర అంచునో చూడాలి. అది పదునుగా ఉండి ముఖం మాత్రం చెదిరి ఉంటే, ఆ క్షణాన మనిషి కదిలిందన్నమాట. కదిలిన ముఖంలోని రెప్పవెంట్రుకలు ఆ కాగితంలో ఎన్నడూ లేవు. పదును పెంచే పనిముట్టు ఉన్న అంచును గట్టిపరుస్తుంది గానీ లేని అంచును తేలేదు. కొంచెం వాడవచ్చు. జుట్టు చుట్టూ తెల్లటి అంచు కనబడగానే ఆపెయ్యాలి.

లేనిదాన్ని తెచ్చే పనిముట్లు వేరే ఉన్నాయి. 2021లో వచ్చిన జీఎఫ్‌పీగాన్ వంటివి చెడిన ముఖాన్ని తీసుకుని, తాము నేర్చుకున్న వేల ముఖాల ఆధారంగా ఒక నిండు ముఖాన్ని ఇస్తాయి. అది నేర్చుకున్నది 70,000 ముఖాల ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే సంకలనం నుంచి. ఆ ముఖాలు ఫ్లికర్ అనే ఫొటోల సైటు నుంచి సేకరించినవి. గడ్డం మీద మూడు చుక్కలూ, ముక్కుకు మూడు పోగులూ ఉన్న మన్యపు అవ్వలు అందులో ఎందరుంటారో మీరే ఊహించుకోండి. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వారి పల్స్ అనే పనిముట్టుకు బరాక్ ఒబామా ముఖాన్ని చుక్కలుచుక్కలుగా కుదించి ఇస్తే, అది ఒక తెల్లజాతీయుడి ముఖాన్ని తీసి ఇచ్చింది. అందరూ ఎరిగిన ముఖం గనుక ఆ పొరపాటు లోకానికి తెలిసింది. అనంతగిరి అవ్వ ముఖం విషయంలో ఎవరికి తెలుస్తుంది?

ఆ యువకుడు ఊరుకోలేదు. తన ఫోన్‌లోని ఏదో యాప్‌తో ఆ ముఖాన్ని చేయించి పంపాడు. చూడముచ్చటగా ఉంది. కళ్ళలో మెరుపుంది, చర్మం నున్నగా ఉంది. గడ్డం చుక్కలు లేవు, పోగు పైపెదవి నీడలో కలిసిపోయింది. వాళ్ళమ్మ చూసి "బాగుంది గానీ మా పిన్నిలా ఉంది" అందట. ఇంతకంటే ఖచ్చితమైన విమర్శ ఏ నిపుణుడూ చెయ్యలేడు. రంగులు వెయ్యడం కూడా ఈ కోవలోదే. గదబల చారల బట్టలో ఏ చార ఏ రంగుదో నలుపు తెలుపు కాగితం చెప్పదు. యంత్రం మాత్రం తడుముకోకుండా చెబుతుంది.

ఇప్పుడు అవతలి వాదన. "ఫొటో అడిగినవాడు పరిశోధకుడు కాడు. అమ్మమ్మను గోడ మీద చూసుకుని దండ వేసుకోవాలనుకున్నాడు. కళకళలాడే ముఖం ఇస్తే సంతోషిస్తాడు. కాదనడానికి మీరెవరు?" ఇందులో న్యాయం లేకపోలేదు. పూర్వం స్టూడియోల్లో బ్రష్షు పట్టి కనుబొమలు దిద్దినవారూ, చనిపోయినవారి చిన్న ఫొటో చూసి పెద్ద పటం చిత్రించి ఇచ్చినవారూ చేసినది ఇదే. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. అయితే ఆ పటాన్ని చూసిన ప్రతివారికీ అది చేతితో దిద్దినదని తెలిసేది. అసలు ఫొటో పక్కన ఉండేది. ఈనాటి కల్పన ఫొటోలాగే కనిపిస్తుంది, అసలుది తేమకు రాలిపోతుంది. పదేళ్ళకు ఇంట్లో మిగిలేది ఒక్కటే, అదే అమ్మమ్మ అవుతుంది.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ పాపికొండల వైపు కొండరెడ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు ఈనాడు లండన్‌లోని సోయాస్ సంస్థ భద్రతలో ఉన్నాయి. ఆయన ఫొటోలో ఎవరైనా ఒక ముఖాన్ని మార్చినా అసలుది అక్కడ దొరుకుతుంది, పక్కన ఆయన రాతలున్నాయి. ఇంటి ఫొటోకు ఆ అండ లేదు. దానికి సాక్ష్యం అదే.

కనుక, అడిగినవారిని కాదననక్కరలేదు, రెండు ప్రతులు ఇస్తే చాలు. మొదటిది కాగితంలో ఉన్నది మాత్రమే. అడిగితే రెండోది, అలంకరించినది. రెండోదాని వెనుక మెత్తని పెన్సిలుతో "ముఖం గీసినది" అని రాయాలి. ఫైలు పేరులో కూడా ఆ మాట ఉండాలి. ఏమీ చెయ్యని అసలు స్కాన్‌ను మూడోదిగా వారి చేతికే ఇవ్వాలి. ఇంటి పెద్దలు ఉండగానే ఫొటోలోని ఆరుగురి పేర్లూ అడిగి రాసుకోవాలి. నా మటుకు నాకు ఆ ఆరు పేర్లే అన్నిటికంటే ఎక్కువ స్పష్టతనిచ్చాయి. వాటిలో రెండు ఆ యువకుడు అంతకుముందు విననివే.